అడ్వాన్సు క్లాజులో ‘తప్ప’, ‘కాకుండా’, ‘ఉండదు’: ముడి విప్పి చదవడం ఎలా

బెంగళూరులో ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు సంతకానికి వచ్చే పదకొండు నెలల అగ్రిమెంటులో అడ్వాన్సు గురించి ఒక వాక్యం ఉంటుంది. అసలు కాగితం ఇంగ్లీషులోనే ఉంటుంది గానీ, దాని అల్లిక చెడకుండా తెలుగులో పెడితే దాదాపు ఇలా వస్తుంది:

“అద్దెదారు రెండు నెలలకు తక్కువ కాని లిఖితపూర్వక నోటీసు ఇవ్వడంలో విఫలం కాకుండా ఉండి, చెల్లించని బకాయిలేవీ లేకుండా ఉంటే తప్ప, అడ్వాన్సు తిరిగి చెల్లించే బాధ్యత ఓనరుకు ఉండదు.”

ఇది చదివి బ్రోకర్‌ని అడిగితే, “ఏం లేదండీ, టైముకి నోటీసిచ్చి బిల్లులు కట్టేస్తే మీ అడ్వాన్సు మీకు వచ్చేస్తుంది” అంటాడు. అబద్ధం చెప్పాలని కాదు, అతనికీ అలాగే అర్థమైంది. కానీ ఆ మాట ఈ వాక్యంలో లేదు. ఎక్కడ లేదో, అసలు ఏముందో తేల్చడానికి ఒక కాగితం, పెన్ను, పావుగంట సమయం ఉంటే చాలు.

ముందుగా నాలుగు తోకలు

ఈ పనికి తెలుగు చాలా అనుకూలమైన భాష. ఇంగ్లీషులో ‘నాట్’ ఎక్కడ పడిందో వెతుక్కోవాలి. తెలుగులో అయితే క్రియ తోకే చెప్పేస్తుంది. ఒప్పందంలోని ఏ షరతయినా చివరికి ఈ నాలుగింటిలో ఒకదానికి రావాలి:

- కట్టాలి
- కట్టకూడదు
- కట్టొచ్చు
- కట్టనక్కర్లేదు

‘కట్టాలి’ని కాదంటే వచ్చేది ‘కట్టనక్కర్లేదు’. ‘కట్టకూడదు’ రాదు. అలాగే ‘కట్టకూడదు’ని కాదంటే వచ్చేది ‘కట్టొచ్చు’, ‘కట్టాలి’ కాదు. ఈ రెండు జంటలు గుర్తుంటే సగం పని అయినట్టే. ‘కట్టనక్కర్లేదని కాదు’ అన్నా, ‘కట్టకూడదని కాదు’ అన్నా రెండు కాదులే. మొదటిది ‘కట్టాలి’ దగ్గర తేలుతుంది, రెండోది ‘కట్టొచ్చు’ దగ్గరే ఆగిపోతుంది. రెండు కాదులు కలిస్తే అవును అవుతుందని లెక్కల క్లాసులో నేర్చుకున్న సూత్రాన్ని ఇక్కడ కళ్ళు మూసుకుని వాడితే దెబ్బ తినేది ఇందుకే.

ఇంగ్లీషు కాగితంలో ‘షల్ నాట్ బీ రిక్వైర్డ్ టు పే’ అంటే కట్టనక్కర్లేదు. ‘షల్ నాట్ పే’ అంటే కట్టకూడదు. ‘షల్ నాట్ బీ లయబుల్ టు’ మొదటి రకం. ‘మే నాట్’ అని ఉంటే ఒప్పందాల్లో ఎక్కువగా ‘కూడదు’ అనే అర్థం, కానీ ‘జరగకపోవచ్చు’ అనే అర్థమూ దానికి ఉంది కాబట్టి చుట్టూ ఉన్న వాక్యాలతో కలిపి చూడాలి.

మొదటి పని: కాదులన్నిటికీ నంబర్లు వేయడం

క్లాజును చేత్తో తిరిగి రాయండి. ఫోన్లో చూస్తూ చదివితే కన్ను జారిపోతుంది. రాశాక ప్రతి వ్యతిరేక పదం కింద గీత గీసి నంబరు వేయండి. ‘లేదు’, ‘కాదు’ ఎలాగూ దొరుకుతాయి. దొరకనివి మామూలు మాటల్లా కనిపించేవి: విఫలం, నిరాకరణ, లేకుండా, మినహా, దాకా, రద్దు, జప్తు, తక్కువ. ఇంగ్లీషు కాగితంలో అయితే ఫెయిల్, రిఫ్యూజ్, విత్‌హోల్డ్, వితౌట్, అన్‌టిల్, ఫర్‌ఫీట్, వెయివ్. వీటిలో మరీ మాయదారిది ‘సేవ్’. క్లాజు మొదట్లో ‘సేవ్ యాజ్ ప్రొవైడెడ్’ అని కనిపిస్తే అక్కడ దాచడం, కాపాడడం ఏమీ ఉండదు. అది అచ్చంగా ‘తప్ప’.

పైన ఇచ్చిన క్లాజులో ఇలా వస్తాయి: తక్కువ (1), కాని (2), విఫలం (3), కాకుండా (4), చెల్లించని (5), లేకుండా (6), తప్ప (7), ఉండదు (8). ఒక్క వాక్యంలో ఎనిమిది.

రెండో పని: లోపలి జంటలను ముందు విప్పడం

ఉల్లిపాయను బయటి పొరనుంచి ఒలుస్తాం. ఇక్కడ తలకిందులు, లోపలినుంచి బయటికి రావాలి. ఒకే పనికి అతుక్కుని ఉన్న రెండు కాదులు మాత్రమే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

‘రెండు నెలలకు తక్కువ కాని’ అంటే కనీసం రెండు నెలలు. ఒకటీ రెండూ పోయాయి. ‘ఇవ్వడంలో విఫలం కాకుండా ఉండి’ అంటే ఇచ్చి. మూడూ నాలుగూ పోయాయి. ‘చెల్లించని బకాయిలేవీ లేకుండా’ అంటే బకాయిలన్నీ చెల్లించి. ఐదూ ఆరూ పోయాయి. మిగిలినవి రెండు, ‘తప్ప’, ‘ఉండదు’:

“కనీసం రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, బకాయిలన్నీ చెల్లిస్తే తప్ప, అడ్వాన్సు తిరిగి ఇచ్చే బాధ్యత ఓనరుకు ఉండదు.”

ఇక్కడికి వచ్చాక మిగిలిన రెండింటినీ కూడా కొట్టేసి, ‘ఇస్తే బాధ్యత ఉంటుంది’ అని రాసేయాలని చెయ్యి దురద పెడుతుంది. బ్రోకర్ చేసింది అదే. ‘తప్ప’ రెండు సంఘటనల మధ్య ఉండే వంతెన. ‘ఉండదు’ ఒక సంఘటన లోపల ఉండే కాదు. ఇవి జంట కావు.

మూడో పని: ‘తప్ప’ తీసి ‘కాకపోతే’ పెట్టడం

‘ఫలానాది జరిగితే తప్ప’ అని ఉన్న ప్రతిచోటా ‘ఫలానాది జరక్కపోతే’ అని పెట్టండి. వాక్యంలో మిగతాది ఏదీ ముట్టుకోవద్దు. ఇంగ్లీషులో ‘అన్‌లెస్’ తీసి ‘ఇఫ్ నాట్’ పెట్టడమూ ఇదే పని.

టికెట్టు గానీ కార్డు గానీ ఉంటే తప్ప మెట్రో గేటు తెరుచుకోదు. అంటే, అవి లేకపోతే తెరుచుకోదు. ఉంటే? ఆ మాట ఈ వాక్యం చెప్పలేదు. కార్డు ఉన్నా అందులో డబ్బు లేకపోతే గేటు అలాగే ఉంటుంది, అప్పుడు కూడా ఈ వాక్యం నిజమే. ‘తప్ప’ చెప్పేది ఏది లేకపోతే పని జరగదో. ఏది ఉంటే జరుగుతుందో దాని బాధ్యత కాదు.

మన క్లాజులో ‘తప్ప’ వెనక రెండు షరతులు ఉన్నాయి, నోటీసు, బకాయిలు. రెండూ కలిసి ఉంటే తప్ప అన్నప్పుడు, తిరగేస్తే ‘రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా’ అవుతుంది. ‘రెండూ లేకపోతే’ అని రాస్తే తప్పు. సరైన రూపం ఇది:

“రెండు నెలల నోటీసు ఇవ్వకపోయినా, లేదా బకాయిల్లో ఏ ఒక్కటి చెల్లించకపోయినా, ఓనరు అడ్వాన్సు తిరిగి ఇవ్వనక్కర్లేదు.”

తోక చూడండి, ‘ఇవ్వనక్కర్లేదు’. ‘ఇవ్వకూడదు’ కాదు కాబట్టి ఓనరు తలుచుకుంటే ఇవ్వొచ్చు. అద్దెదారుకు అడిగే హక్కు మాత్రం ఈ క్లాజు ప్రకారం పోయింది.

నాలుగో పని: నాలుగు వరసలు

షరతులు రెండయితే వరసలు నాలుగు, మూడయితే ఎనిమిది. ప్రతి వరసకూ క్లాజు ఏమంటోందో రాయాలి. ఏమీ అనకపోతే ‘మౌనం’ అని రాయాలి. ఆ మాట రాయడానికి చాలామందికి చెయ్యి రాదు, ఏదో ఒకటి ఊహించి నింపేస్తారు.

1. నోటీసు ఇచ్చారు, బకాయిలన్నీ కట్టారు: మౌనం.
2. నోటీసు ఇచ్చారు, ఏదో బకాయి మిగిలింది: ఇవ్వనక్కర్లేదు.
3. నోటీసు సరిగ్గా లేదు, బకాయిలన్నీ కట్టారు: ఇవ్వనక్కర్లేదు.
4. నోటీసూ లేదు, బకాయి ఉంది: ఇవ్వనక్కర్లేదు.

అద్దెదారు అన్నీ సక్రమంగా చేసిన మొదటి వరసలోనే క్లాజు నోరు విప్పలేదు. ‘తిరిగి ఇవ్వాలి’ అనే మాట దొరకాలంటే అగ్రిమెంటులో ఇంకోచోట వెతకాలి. సాధారణంగా అడ్వాన్సు ఎంతో రాసిన మొదటి పేజీలో ‘రిఫండబుల్’ అనే మాట ఉంటుంది, లేదా ఇల్లు ఖాళీ చేసేటప్పటి విషయాలున్న పేరాలో ఉంటుంది. అది దొరికితే మొదటి వరస నిండినట్టే. దొరక్కపోయినా అంతా పోయినట్టు కాదు. కోర్టు ఒక్క వాక్యాన్ని విడిగా పట్టుకోదు, ఒప్పందమంతా కలిపి, అడ్వాన్సు అనేది ఎందుకిస్తారో కూడా చూసి చదువుతుంది. కానీ ఆ వాదన దాకా వెళ్ళేకంటే సంతకానికి ముందు ఒక లైను రాయించుకోవడం చవక.

ఒక లెక్క వేసి చూద్దాం

అద్దె 25,000, అడ్వాన్సు 1,50,000 అనుకుందాం. అద్దెదారు జనవరి 31న ఖాళీ చేయాలనుకుని డిసెంబరు 5న నోటీసిచ్చాడు. మధ్యలో ఉన్నవి 57 రోజులు. డిసెంబరు 5 నుంచి రెండు నెలలంటే ఫిబ్రవరి 5 దాకా, కాబట్టి ఐదు రోజులు తగ్గింది. ఓనరుకు దీనివల్ల పోయేది మహా అయితే ఆ ఐదు రోజుల అద్దె. ఫిబ్రవరి లెక్కన నాలుగున్నర వేలకు లోపే. కానీ విప్పిన క్లాజులో ఇది మూడో వరస. అందులో ‘ఐదు రోజుల అద్దె మినహాయించుకోవచ్చు’ అని లేదు, ‘అడ్వాన్సు ఇవ్వనక్కర్లేదు’ అని ఉంది. మొత్తం 1,50,000 ఒక్క అంచు మీద నిలబడింది.

బకాయిల వైపు ఇంకా చిత్రం. ఖాళీ చేసే రోజున బెస్కాం మీటరు తిరిగి ఉంటుంది, దాని బిల్లు మాత్రం ఇంకా వచ్చి ఉండదు. బిల్లే రానప్పుడు అది ‘చెల్లించని బకాయి’ అవుతుందా? క్లాజు చెప్పదు. ఎనిమిది వందల కరెంటు బిల్లు పేరుతో లక్షన్నర ఆపే వీలు ఈ మౌనంలోంచే పుడుతుంది. తాళాలు ఇచ్చే రోజున మీటరు రీడింగు ఫోటో తీసి, ఆ యూనిట్లకు లెక్క కట్టి ఆ డబ్బు అక్కడే ఇచ్చి, వాట్సాప్‌లో ఓనరు చేత ‘ముట్టింది’ అనిపించుకోవడం దీనికి విరుగుడు.

చట్టం వైపు ఒక ఊరట ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షను ప్రకారం, ఒప్పందం ఉల్లంఘిస్తే ఇంత అని కాగితంలో రాసుకున్నా, అవతలివాడికి దక్కేది ఆ మొత్తానికి మించని న్యాయమైన పరిహారమే. ఐదు రోజుల తేడాకు లక్షన్నర న్యాయమని ఒప్పించడం ఓనరుకు తేలిక కాదు. అయితే డబ్బు ఉండేది ఓనరు దగ్గర, కోర్టు మెట్లు ఎక్కాల్సింది అద్దెదారు.

‘కాదు’ లేని ‘తప్ప’

ఇదే అగ్రిమెంటులో రెన్యువల్ గురించి ఇంకో రకం వస్తుంది: “ఇద్దరిలో ఎవరైనా వద్దని రాతపూర్వకంగా తెలిపితే తప్ప, ఐదు శాతం పెంచిన అద్దెతో అగ్రిమెంటు మరో పదకొండు నెలలు కొనసాగుతుంది.” మూడో పనే చేయండి: వద్దని తెలపకపోతే కొనసాగుతుంది. ఇక్కడ ‘కొనసాగుతుంది’కి కాదు లేదు కాబట్టి మౌనంగా ఉన్నవాడు కట్టుబడిపోతాడు. ‘వద్దంటే’ ఏమవుతుందో ఇక్కడ కూడా విడిగా రాయలేదు, కానీ కొనసాగించే కారణం పోయింది కాబట్టి గడువుతో ముగుస్తుంది.

దీన్నే తిరగేసి “ఎవరూ వద్దనకుండా ఉంటే తప్ప కొనసాగదు” అని రాశారనుకోండి. విప్పితే: ఎవరైనా వద్దంటే కొనసాగదు. ఎవరూ ఏమీ అనకపోతే? మౌనం. చూపుకు రెండూ ఒకటే. మొదటిదాంట్లో నోరు మూసుకుంటే పెరిగిన అద్దె మెడకు పడుతుంది, రెండోదాంట్లో పడుతుందని లేదు. ‘తప్ప’ కనిపించగానే అడగాల్సిన ప్రశ్న, ‘నేను ఏమీ చేయకుండా కూర్చుంటే ఏమవుతుంది?’ అని.

కొట్టివేత పనిచేయని చోటు

‘కన్సెంట్ షల్ నాట్ బీ అన్‌రీజనబ్లీ విత్‌హెల్డ్’ అనేది పేరుమోసిన వాక్యం. ఇంట్లో ఇంకొకరిని పెట్టుకోవడానికో, గోడకు ఏసీ బిగించడానికో ఓనరు అనుమతి కావాలన్న క్లాజు చివర ఇది ఉంటుంది. కాదులు మూడు: నాట్, అన్, విత్‌హెల్డ్. వీటిలో రెండు కొట్టేసి ‘అనుమతి ఇవ్వాలి’ అని చదివేవాళ్ళు ఎక్కువ. కానీ ఇవి ఒకే పనికి అతుక్కున్నవి కావు. ‘విత్‌హెల్డ్’ అనేది ఓనరు చేసే పని, నిరాకరించడం. ‘అన్‌రీజనబ్లీ’ ఆ పని ఎలా చేశాడన్నది. ‘నాట్’ ఆ రకం నిరాకరణను మాత్రమే ఆపుతుంది. కాబట్టి తెలుగులో: సరైన కారణం లేకుండా నిరాకరించకూడదు.

కారణం ఉంటే నిరాకరించొచ్చు. అంతకంటే ముఖ్యంగా, అడగకుండా చేసేస్తే ఈ వాక్యం అద్దెదారుకు అక్కరకు రాదు. నిరాకరణ జరగాలంటే ముందు అడగడం జరగాలి కదా. తేదీ వేసి, ఏం చేయబోతున్నారో రాసి అడిగితేనే అవతలివాళ్ళ కారణం బయటికి వస్తుంది, అది సరైనదా కాదా అన్న చర్చ అప్పుడు మొదలవుతుంది.

గుర్తు ఏమిటంటే, కాదు ఒకటి క్రియకు, ఇంకోటి ‘ఎలా’, ‘ఎంత’, ‘ఎప్పుడు’ అనే మాటకు తగిలి ఉంటే కొట్టేయకూడదు. ‘విఫలం కాకుండా’లో రెండూ ‘ఇవ్వడం’ అనే పనికే తగిలాయి, అందుకే పోయాయి.

నోటి మాటలో తెలుగు పెట్టే చిక్కు

తెలుగు తోకలు సాయపడతాయి గానీ ‘అన్నీ’ అనే మాట దగ్గర మన భాషే జారుతుంది. “బిల్లులన్నీ కట్టలేదు” అంటే ఒక్కటీ కట్టలేదనా, కొన్ని కట్టి కొన్ని వదిలేశారనా? రెండూ వస్తాయి. ఓనరు తెలుగాయనే అయితే, అగ్రిమెంటు పక్కన పెట్టి నోటితో మాట్లాడుకున్నప్పుడు ఇదే అపార్థానికి మూలం. “అన్నీ కట్టకపోతే అడ్వాన్సు రాదు” అని ఆయన అంటాడు, ఏ ఒక్కటి మిగిలినా అనేది ఆయన ఉద్దేశం. వినేవాడు చాలావరకు కట్టాం కదా అనుకుంటాడు. ‘ఏ ఒక్కటి కట్టకపోయినా’ అనో, ‘ఒక్కటి కూడా కట్టకపోతే’ అనో ఆయన చేతే విడమరిచి చెప్పించుకోండి.

తిరగరాయించుకోవడం

విప్పిన తర్వాత క్లాజును అవును రూపంలో రాసి ఓనరుకు పంపితే, ఆయనకు కూడా తాను సంతకం పెడుతున్నదేమిటో అప్పుడే తెలుస్తుంది. చాలా అగ్రిమెంట్లు టైపింగ్ షాపులో పాత ఫైలు నుంచి పేర్లు మార్చి తీసినవే. ఆ ఎనిమిది కాదుల వెనక ఎవరి కుట్రా ఉండకపోవచ్చు. పదకొండు నెలలు ఎందుకన్నది కూడా అలాగే అలవాటులో పడిపోయిందే: ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయాలి, ఆ ఖర్చూ తిప్పలూ తప్పించుకోవడానికి.

కొత్త వాక్యంలో నాలుగు సంగతులు ఉండాలి: ఎవరు, ఏం చేయాలి, ఎప్పటిలోగా, తేడా వస్తే ఎంత. ఇలా:

“అద్దెదారు ఖాళీ చేసే తేదీకి కనీసం రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. వాట్సాప్, ఈమెయిల్ చెల్లుతాయి. నోటీసు ఎన్ని రోజులు తగ్గితే అన్ని రోజుల అద్దెను ఓనరు అడ్వాన్సులోంచి మినహాయించుకోవచ్చు. తాళాలు అప్పగించిన 15 రోజుల్లోగా, చెల్లించాల్సి ఉన్న అద్దె, కరెంటు, నీటి బిల్లులను రసీదులతో మినహాయించుకుని, మిగతా అడ్వాన్సు ఓనరు తిరిగి ఇవ్వాలి.”

దీనికి కూడా నాలుగు వరసల పరీక్ష పెట్టండి. మొదటి వరసలో మొత్తం ఇవ్వాలి. రెండో వరసలో బిల్లు పోను మిగతాది ఇవ్వాలి. మూడో వరసలో ఐదు రోజుల అద్దె పోను మిగతాది, నాలుగో వరసలో రెండూ పోను మిగతాది. ఎక్కడా మౌనం లేదు. మొదటిసారి రాసినప్పుడు సాధారణంగా జారిపోయేది ‘మిగతా’ అనే మాటా, రోజుల గడువూ. ‘మిగతా’ లేకపోతే మళ్ళీ అంతా లేదా ఏమీ లేదన్న పద్ధతే వస్తుంది. గడువు లేకపోతే ‘ఇస్తాం’ అంటూ ఆర్నెల్లు గడుస్తాయి.

పెయింటింగ్ కోసం ఒక నెల అద్దె కోసుకోవడం ఊళ్ళో రివాజు. దాన్ని ఈ లెక్కలో కలుపుతారో లేదో కూడా అదే పేరాలో తేల్చేయాలి. లేకపోతే ‘బకాయి’ అనే మాటలోకి అది దూరుతుంది. స్టాంపు పేపరు మీద ప్రింటు అయిపోయాక మార్చాల్సి వస్తే, పాత వాక్యాన్ని ఒక గీతతో కొట్టి, కొత్తది పక్కన రాసి, ఆ దిద్దుబాటు పక్కనే ఇద్దరూ సంతకం చేయాలి. రెండో కాపీలో కూడా అదే దిద్దుబాటు, అవే సంతకాలు ఉన్నాయో లేదో తాళాలు తీసుకునే ముందే చూసుకోండి.